తాతకి ఉత్తరం: 'మేము' ఎక్కడ, 'మనం' ఎక్కడ

జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో ఆదివారం పూట మా వరండాకి తెలుగు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఎనిమిదేళ్లవాళ్లు. బడిలో హిందీ, ఇంగ్లీషు. వీధిలో హిందీ. ఇంట్లో అమ్మానాన్నలతో మాత్రం తెలుగు. వీళ్ల తాతలో ముత్తాతలో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి కంపెనీల్లో పనికి వచ్చారు. కొందరు పని ముగిశాక ఊరికి తిరిగి వెళ్లిపోయారు. ఆ ఊళ్లలో జంషెడ్‌పూర్ అనే మాట తక్కువ వినిపిస్తుంది. 'టాటా' అంటేనే ఈ ఊరు. పిల్లలు ఉత్తరం రాసేది ఆ తాతలకే.

ఉత్తరానికి మూడు భాగాలని చెబితే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. పైన పలకరింపు, మధ్యలో సంగతి, కింద ముగింపు. వాళ్లు తడబడేది మరోచోట. మార్చి 3న, జంషెడ్జీ టాటా పుట్టినరోజుకి, ఊరంతా దీపాలు పెడతారు. జూబ్లీ పార్కులో ఆ దీపాలు చూసొచ్చిన ఒక పాప వాళ్ల తాతకి ఇలా రాసింది:

"ప్రియమైన తాత, మీ ఉత్తరం దొరికింది. మనం బాగున్నాం. నువ్వు ఎలా ఉన్నారు? మనం జూబ్లీ పార్కులో లైట్లు చూశాం. చాలా బాగుంది. ఇట్లు నీ మనవరాలు."

మూడు భాగాలూ ఉన్నాయి. అక్షరదోషం ఒక్కటీ లేదు. కానీ ఈ ఉత్తరం ప్రకారం ఆ సాయంత్రం తాత కూడా పార్కులోనే ఉన్నాడు!

హిందీలో 'హమ్' ఒకటే మాట. ఎదుటి మనిషిని కలుపుకున్నా అదే, వదిలేసినా అదే. తెలుగులో ఎదుటివాళ్లు మనతో ఉంటే 'మనం', లేకపోతే 'మేము'. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ పొరపాటు దాదాపు కనబడదు, ఎందుకంటే అమ్మ ఎదురుగానే ఉంటుంది, చాలా పనుల్లో ఆమెకీ పాలుంటుంది. ఉత్తరంలో అలా కాదు. చదివే మనిషి ఎక్కడో ఉన్నాడు, జరిగిన సంగతిలో లేడు. అందుకే ఈ తేడా నేర్పడానికి నాకు ఉత్తరాన్ని మించిన పాఠం కనిపించలేదు.

వ్యాకరణం పేరెత్తకుండా దీన్ని ఒక ఆటగా నేర్పిస్తాను. నేలమీద సుద్దముక్కతో పెద్ద సున్నా గీస్తాను. ఒక పిల్లాడు తాత వేషంలో గేటు దగ్గర కూర్చుంటాడు. రాసే పాప సున్నాలో నిలబడి ఒక్కో వాక్యం పైకి చెబుతుంది. ప్రతి వాక్యానికీ మిగతా పిల్లలు, "తాత అప్పుడు ఉన్నాడా?" అని అడుగుతారు. ఉంటే తాత సున్నాలోకి వస్తాడు, 'మనం' అనాలి. లేకపోతే గేటు దగ్గరే ఉంటాడు, 'మేము' అనాలి. పార్కుకి వెళ్లింది మేము. వేసవి సెలవుల్లో తాతతో కలిసి ఏటికి వెళ్లబోయేది మనం. పావుగంటలో వాళ్లంతట వాళ్లే దిద్దుకోవడం మొదలుపెడతారు. వారం గడిస్తే సగం మంది మళ్లీ మరిచిపోతారు. అందుకే ఆట మళ్లీ మళ్లీ ఆడాలి.

'దొరికింది' కూడా హిందీ నుంచే వచ్చింది. అక్కడ పోయిన పెన్సిలు దొరికినా, ఉత్తరం వచ్చినా ఒకటే మాట సరిపోతుంది. తెలుగులో పెన్సిలు దొరుకుతుంది, ఉత్తరం అందుతుంది. ఇది ఒక్కసారి చెబితే చాలు, గుర్తుంటుంది.

పలకరింపు దగ్గర నాకొక పట్టింపు ఉంది. 'ప్రియమైన' తప్పేమీ కాదు, పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. కానీ ఏ పిల్లా తాతని నోటితో 'ప్రియమైన తాత' అని పిలవదు. పాత తెలుగు ఉత్తరాల్లో 'తాతగారికి నమస్కరించి వ్రాయునది' అని ఉండేది. ఉత్తరం ఎవరికో ఆ మనిషిని పిలిచే మాటకి 'కి' చేర్చి, వెంటనే నమస్కారం పెట్టేవారు. బరువైన మాటలు వదిలేసి ఆ పద్ధతి ఉంచుకుంటే 'తాతకి నమస్కారం' మిగులుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకి అది చాలు. 'ఉభయకుశలోపరి' అన్న మాటని కూడా నేను నేర్పను, దాని క్రమాన్ని మాత్రం నేర్పుతాను: ముందు మన క్షేమం చెప్పాలి, తర్వాత వాళ్ల క్షేమం అడగాలి, ఆ తర్వాతే సంగతి.

'నువ్వు ఎలా ఉన్నారు' అన్నదాన్ని దిద్దే ముందు పాపనే అడిగాను, ఫోన్లో తాతని ఏమంటావని. 'నువ్వు' అంటుందట. అయితే అదే రాయమన్నాను. ఉత్తరం కదా అని బలవంతంగా 'మీరు' రాయిస్తే తాతకి అది పరాయి పిల్ల రాసినట్టుంటుంది. ఇంట్లో 'మీరు' అనే అలవాటున్న పిల్లలు 'మీరు' అనే రాయాలి. ఏదైనా ఒకటే ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకోవాలి. 'నువ్వు' అన్నాక 'నీ ఉత్తరం', 'ఎలా ఉన్నావు', 'నీ మనవరాలు'. ఇది సరిచూడాలంటే ముగింపు నుంచి వెనక్కి చదవాలి. 'ఇట్లు' తర్వాత 'నీ' ఉందా 'మీ' ఉందా చూసి, పైనున్న ప్రతి క్రియనీ దానితో పోల్చాలి.

ముగింపులో ఇక్కడి పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. హిందీలో కొడుకు కూతురు పోతీ, కూతురి కూతురు నాతిన్, మరి తెలుగులో? తెలుగులో ఇద్దరూ మనవరాళ్లే. అందుకు బదులుగా మనం నానమ్మని, అమ్మమ్మని వేరు చేస్తాం. తాత మాత్రం రెండు వైపులా తాతే.

ఇక సంగతి. 'లైట్లు చూశాం, చాలా బాగుంది' అంటే తాతకి ఏమీ కనిపించదు. "ఏ లైటు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డావు?" అని అడిగాను. ఏనుగు ఆకారంలో ఉన్నదాని దగ్గరట. తమ్ముడు దాన్ని చూసి భయపడి నాన్న భుజం దిగలేదట. అంతే, అదే రాయాలి. ఒక ఉత్తరానికి ఒక సంగతి, నాలుగు వాక్యాలు. ఇంతకన్నా ఎక్కువ రాయిస్తే ఈ వయసులో చెయ్యి నొప్పెట్టి చివరి పంక్తులు గీతల్లా తయారవుతాయి. కాగితం మీద గీసుకునే గీతల మధ్య దూరం ఒక సెంటీమీటరు ఉండాలి. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి దగ్గర గీతల్లో 'నమస్కారం'లో ఒత్తు కింది పంక్తిలోకి జారిపోతుంది. పోస్టుకార్డు మీద అయితే ఎనిమిదో తొమ్మిదో పంక్తులు పడతాయి. అందుకని ఇన్‌లాండ్ కవరు మేలు. దాంట్లో విడిగా ఏమీ పెట్టకూడదు, బొమ్మ గీయాలంటే ఆ కాగితం మీదే గీయాలి.

లోపల అంతా తెలుగే. పైన చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాయిస్తాను, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో ఉత్తరాలు వేరుచేసే చోట తెలుగు చదివేవాళ్లు ఉండకపోవచ్చు. పిన్ కోడ్ ఆరంకెలూ ఆరు గళ్లలో పడాలి. శ్రీకాకుళం జిల్లాకి 532తో, మనకి 831తో మొదలవుతుంది. పంపేవారి చిరునామాలో బిర్సానగర్ జోన్ నంబరు మరిచిపోతే జవాబు తిరిగి రావడం కష్టం.

రెండోసారి రాసినప్పుడు ఆ పాప ఉత్తరం ఇలా తయారైంది:

"తాతకి నమస్కారం. నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేము బాగున్నాం. నువ్వు ఎలా ఉన్నావు? మార్చి 3న మేము జూబ్లీ పార్కుకి వెళ్లాం. లైట్లతో చేసిన ఏనుగు చూశాం. తమ్ముడు భయపడి నాన్న భుజం దిగలేదు. నాకు భయం వెయ్యలేదు."

'ఇట్లు' రాసే ముందు ఒక పంక్తి ఖాళీగా వదిలించాను. అక్కడ తాత మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న ఒకటి ఉండాలి. 'బాగున్నావా' అంటే 'బాగున్నాను' అనే ఒక్క మాట వస్తుంది, ఉత్తరం రాదు. పాప చాలాసేపు ఆలోచించి, పెరట్లో మామిడిచెట్టుకి పిందెలు పట్టాయా అని అడుగుతానంది. 'నీ చెట్టుకి' అని రాయబోయి ఆగింది.

"చెట్టు తాత దగ్గరుంది, నేను ఇక్కడున్నాను. 'మన చెట్టు' అనొచ్చా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే గేటు దగ్గర తాత వేషంలో కూర్చున్న పిల్లాడు లేచొచ్చి సున్నాలో నిలబడ్డాడు.