వెబ్‌సైటుకు ముందు ఒక తెల్లకాగితం

నిడదవోలు మాలతి 2001లో thulika.net మొదలుపెట్టేనాటికి తెలుగు పాఠకులకు కొత్త రచయిత్రి కాదు. తిరుపతిలో లైబ్రేరియన్‌గా పనిచేసి, 1973లో అమెరికా వెళ్లి, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో స్థిరపడ్డారు. పేరున్న కథకురాలు సొంత వెబ్‌సైటు పెడుతున్నారంటే అందులో ఆమె జీవితవిశేషాలు, పుస్తకాల జాబితా, ఫొటోలు ఉంటాయనుకుంటాం. తూలిక అలా పుట్టలేదు. తెలుగు రాని, ఇంగ్లీషు చదివే పాఠకుడికి తెలుగు కథల ద్వారా తెలుగువాళ్ల బతుకు చూపించాలన్నది దాని ఉద్దేశం. అందుకే అందులో తెలుగు కథలకు ఇంగ్లీషు అనువాదాలు, రచయితల గురించీ తెలుగు సాహిత్యం గురించీ వ్యాసాలు వచ్చాయి.

ఆ తర్వాత తెలుగు పాఠకులతో నేరుగా తెలుగులోనే మాట్లాడాలనుకున్నప్పుడు ఆవిడ ఆ రాతల్ని తీసుకెళ్లి తూలికలో కలపలేదు. ‘తెలుగు తూలిక’ పేరుతో tethulika.wordpress.com దగ్గర వేరే చోటు ఏర్పాటు చేసుకున్నారు. రాసే మనిషి ఒక్కరే, చదివేవాళ్లు ఇద్దరు. మాడిసన్‌లోనో లండన్‌లోనో ఉన్న ఇంగ్లీషు పాఠకుడికి వదినామరదళ్ల వరస ఏమిటో, ఒక ఇంట్లో పెద్ద కోడలి మాట ఎందుకు చెల్లుతుందో చెప్తే తప్ప కథ అందదు. అదే వివరణ తెనాలి పాఠకురాలి ముందు పెడితే రెండో పేరాకే విసుగొస్తుంది. ఈ ఇద్దరినీ ఒకే పేజీలో కూర్చోబెడితే ఇద్దరికీ సగం సగమే అందుతుంది. ఏ కథ ఎంచుకోవాలి, ఏ మాట విడమరచాలి, ఏ భాషలో రాయాలి అన్న ప్రశ్నలన్నిటికీ ‘చదివేది ఎవరు’ అన్న ఒక్క ప్రశ్న తేలాకే జవాబు దొరుకుతుంది.

సొంత వెబ్‌సైటు పెట్టుకునేవాళ్లలో చాలామంది దీనికి తలకిందులుగా మొదలుపెడతారు. ముందు ఒక టెంప్లేట్ నచ్చుతుంది. అందులో ‘నా గురించి’, ‘సేవలు’, ‘గ్యాలరీ’, ‘సంప్రదించండి’ అని నాలుగు గళ్లు సిద్ధంగా ఉంటాయి. గళ్లు ఉన్నాయి కాబట్టి వాటిని నింపాలి. ఏ ఊళ్లో ఏ వృత్తిలో ఉన్నవాడికైనా అవే నాలుగు గళ్లు. ఆ మనిషిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఏం కావాలో ఆ టెంప్లేట్ చేసినవాళ్లకు తెలియదు.

నెల్లూరు దగ్గర కొడవలూరులో ఒక నాదస్వర కళాకారుడు ఉన్నాడనుకుందాం. పెళ్లిళ్లకు, గుడి ఉత్సవాలకు మేళం కడతాడు. కొడుకు చెన్నైలో ఉద్యోగం చేస్తూ నాన్నకు ఒక వెబ్‌సైటు చేసిపెట్టాలనుకున్నాడు. ఏం పెడదామని ఇంట్లో అడిగితే వెంటనే వచ్చే జవాబులు ఊహించడం కష్టం కాదు. శాలువా కప్పించుకున్న ఫొటో, తాతగారి ఫొటో, మూడు తరాల వంశచరిత్ర, వచ్చిన ప్రశంసాపత్రాలు. ఇవన్నీ నిజమైనవే, ఇంటివాళ్లకు విలువైనవే. కానీ ఇవి ఇంటివాళ్లు చూపించాలనుకున్నవి. వచ్చేవాళ్లు వెతికేవి వేరే ఉంటాయి.

ఈ తేడాను అమెరికన్ వ్యంగ్యచిత్రకారుడు రాండల్ మన్రో 2010లో తన xkcd వెబ్‌కామిక్‌లో ఒక్క బొమ్మతో పట్టేశాడు. పక్కపక్కన రెండు వృత్తాలు. ఒకదాన్లో విశ్వవిద్యాలయం వెబ్‌సైటు మొదటి పేజీలో ఉండేవి, రెండోదాన్లో జనం ఆ సైటులో వెతికేవి. రెండు వృత్తాలూ కలిసినచోట ఉన్నది ఒక్కటే, ఆ విద్యాసంస్థ పూర్తి పేరు. ప్రాంగణం ఫొటోలు ఒకవైపు మిగిలిపోయాయి, బండి ఎక్కడ ఆపుకోవాలన్న సమాచారం ఇంకోవైపు మిగిలిపోయింది.

మరి వచ్చేవాళ్లు ఏం వెతుకుతారో తెలుసుకోవడం ఎలా? ఊహించనక్కర్లేదు. నాదస్వరం ఆయన విషయంలో ఆ సమాచారం ఇప్పటికే ఆయన ఫోనులో ఉంది. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరెవరు ఫోన్ చేశారు, పలకరింపు అయ్యాక మొట్టమొదట ఏం అడిగారు అని తండ్రీ కొడుకూ కూర్చుని గుర్తుకు తెచ్చుకుంటే చాలు. అడిగినవాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ‘మాఘంలో ఫలానా ముహూర్తానికి ఖాళీయేనా?’ ‘ఎంతమంది వస్తారు?’ ‘డోళ్లు రెండా, ఒకటా?’ ‘రానుపోను ఖర్చులు మీవా, మావా?’ ‘ఎదురుకోలు దగ్గర్నుంచి ఉంటారా, ముహూర్తం టైముకే వస్తారా?’ ‘మీరు వాయించింది ఏదైనా ఉంటే వాట్సాప్‌లో పెట్టండి.’ వీటిలో ఎక్కడా తాతగారి ప్రస్తావన లేదు.

అడిగినవాళ్లు ఎవరన్నది కూడా పక్కనే రాయాలి, ఎందుకంటే అందరూ ఒకలాంటివాళ్లు కారు. ఆడపెళ్లివారి మేనమామ ఒకరు, ఉత్సవాలు జరిపించే గుడి కమిటీవారు ఒకరు, కచేరీ పెట్టించాలనుకునే సభ నిర్వాహకులు ఇంకొకరు. పెళ్లివారికి కావలసింది గట్టిమేళం సరిగ్గా సమయానికి పడుతుందన్న నమ్మకం, మనుషుల లెక్క, డబ్బు లెక్క. సభవారికి గురువు ఎవరు, ఏ కృతులు వాయిస్తారు, పక్కన డోలు ఎవరు అన్నవి కావాలి. రెండు నిమిషాల పెళ్లి వీడియో వాళ్లకు చాలదు, ఒక రాగం పూర్తిగా వినాలి.

బ్రిటన్ ప్రభుత్వం తన శాఖల సమాచారాన్ని 2012లో GOV.UK అనే ఒకే సైటు కిందికి తేవడం మొదలుపెట్టినప్పుడు అక్కడి బృందం ఇలాంటి చిక్కుకు ఒక చిన్న వాక్యాన్ని అలవాటు చేసుకుంది. నేను ఫలానా మనిషిని, నాకు ఫలానాది కావాలి, దానివల్ల నాకు ఫలానా పని జరుగుతుంది. ఈ మూడు భాగాలూ నింపలేని విషయాన్ని పేజీలోకి ఎక్కించే ముందు ఆలోచించాలి. మన నాదస్వరం ఇంట్లో ఇదిలా ఉంటుంది: ‘నేను పెళ్లికూతురి మేనమామను. మేళంలో ఎంతమంది వస్తారో తెలియాలి. తెలిస్తే విడిదికీ భోజనాలకూ లెక్క చెప్పగలను.’ ఈ వాక్యం నిలబడుతుంది. ‘నేను పెళ్లికూతురి మేనమామను. ప్రశంసాపత్రం చూడాలి’ అని రాసి మూడో భాగం దగ్గర ఆగితే కలం కదలదు.

అయితే ఈ పద్ధతిని మరీ కరుగ్గా వాడితే నష్టమూ ఉంది. మూడు తరాల విద్య అన్న సంగతి మేనమామ అడగకపోవచ్చు, కానీ సభ నిర్వాహకుడికి అదే ముఖ్యం. నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడికీ ముఖ్యమే. కాబట్టి తాతగారిని తీసేయాల్సిన పని లేదు, ఆయన చోటు మార్చితే చాలు. ఇక్కడే ప్రధాన పాఠకుడు ఎవరో తేల్చుకోవాలి. పది ఫోన్లలో ఎక్కువ పెళ్లివారివే అయితే మొదటి పేజీ పెళ్లివారిది. సభవారికి రెండో పేజీ, అందులో గురుపరంపర, కృతుల జాబితా, నిడివైన రికార్డింగు. మాలతి రెండు సైట్లుగా విడదీసింది భాషా, పాఠకులూ పూర్తిగా వేరు కాబట్టి. ఇక్కడ ఇద్దరూ తెలుగువాళ్లే, వాద్యం ఒకటే, కాబట్టి రెండు పేజీలు సరిపోతాయి.

మొదట అడిగిన ప్రశ్న గుర్తుందా, ఖాళీ తేదీలు? అందరూ అడిగేది అదే కాబట్టి అదే ముందు పెట్టాలనిపిస్తుంది. ఇక్కడ ఇంకో ప్రశ్న వేసుకోవాలి: దీన్ని ఎవరు మారుస్తారు, ఎప్పుడు? వైశాఖంలో రోజుకో ఊళ్లో వాయించే మనిషి రాత్రి ఇంటికొచ్చి తేదీలు సవరించడు. కొడుకు చెన్నైలో ఉన్నాడు, ఏ అడ్వాన్సు ఎప్పుడు తీసుకున్నారో అతనికి తెలియదు. నిండిపోయిన తేదీ ఖాళీ అని కనిపిస్తే పెళ్లివారి ముందు మాట పోతుంది. అందుకని తేదీల పట్టిక కొట్టేసి, ఆ స్థానంలో ‘ముహూర్తం తేదీ చెప్పి ఫోన్ చేయండి, సాయంత్రం లోపల చెప్తాం’ అన్న ఒక్క వాక్యం రాసుకోవడమే మంచిది. మేళంలో మనుషుల సంఖ్య, వచ్చే దూరం, ఖర్చుల పద్ధతి ఏడాదికోసారి మారితే మారతాయి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో తీరిగ్గా కూర్చుని సరిచూసుకోవచ్చు. ఇంటి తలుపు నంబరు, పిల్లల ఫొటోలు ఏ పాఠకుడి వాక్యంలోనూ రాలేదు, కాబట్టి వాటిని పెట్టే పనే లేదు.

ఇంతవరకూ వచ్చాక మొదటి పేజీని చేత్తో రాయాలి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోనులోనే చూస్తారు కాబట్టి తెల్లకాగితాన్ని ఫోను సైజుకు కత్తిరించుకోవడం మేలు. ఆ ముక్కలో పట్టినదే మొదటి చూపులో కనిపిస్తుంది. పేరు, నాదస్వరం అన్న మాట, కొడవలూరు, నెల్లూరు జిల్లా, ఏయే ఊళ్ల దాకా వస్తారు, ఫోన్ నంబరు. తర్వాతి ముక్కలో మేళం వివరం, దాని కింద వీడియో పెట్టే చోటుకు ఒక గడి. ఊరి పేరు ఇంగ్లీషులో కొందరు Kodavalur అని, కొందరు Kodavaluru అని టైప్ చేస్తారు. కాబట్టి తెలుగుతోపాటు ఈ రెండూ పేజీలో ఎక్కడో ఒకచోట అక్షరాలుగా ఉండాలి. శుభలేఖల షాపులో డిజైన్ చేయించిన బొమ్మలో ఎంత అందంగా ఉన్నా, బొమ్మలో అచ్చయిన ఫోన్ నంబరును నొక్కితే కాల్ వెళ్లదు.

ఆ కాగితాలను ఈ సంగతేమీ తెలియని ఒకరి చేతికివ్వాలి. ఇంటివాళ్లు పనికిరారు, వాళ్లకు ముందే అన్నీ తెలుసు. వీధిలో ఈ మధ్యే పెళ్లి చేసినవాళ్లుంటే ఇంకా మంచిది. ఇది ఎవరిది, ఈయన ఏం చేస్తాడు, మీకు మేళం కావాలంటే ఇప్పుడేం చేస్తారు అని మూడు ప్రశ్నలు అడిగి నోరు మూసుకుని వినాలి. వాళ్లు కాగితాలు వెనక్కీ ముందుకూ తిప్పుతున్నారంటే ఏదో తప్పుచోట ఉంది. ‘మరి ఎంత తీసుకుంటారో రాయలేదే’ అన్నారంటే, డబ్బు సంగతి ఎంతవరకు చెప్పాలో తండ్రి నిర్ణయించుకోవాలి. అంకె వేయడం ఇష్టం లేకపోతే, దూరాన్నీ మనుషుల లెక్కనూ బట్టి ఉంటుందని ఒక వాక్యం రాసినా అడిగినవాడికి ఒక దారి కనిపిస్తుంది.

చివరికి చేతిలో మిగిలేది రెండు పేజీల మాటలు, ఒక పెళ్లి వీడియో, ఒక నిడివైన రికార్డింగు, రెండు ఫొటోలు. తేదీల పట్టిక లేదు కాబట్టి బుకింగ్ క్యాలెండర్ ఉన్న ఖరీదైన సర్వీసు అవసరం లేదు. వారం వారం రాసేదేమీ లేదు కాబట్టి బ్లాగు ఏర్పాటూ అక్కర్లేదు. వీడియోలు యూట్యూబ్‌లో పెట్టుకుని, మామూలు పేజీలు రెండు చూపించగల ఏ ఉచిత సాధనమైనా కొడుక్కి సరిపోతుంది. కంప్యూటరు తెరిచేది ఇప్పుడు.