జరిగిన కథలో ఏది ఉంచాలి?

వారపత్రికల్లో సీరియల్ చదివే అలవాటున్న తరానికి నవల మొదటి పేరా కంటే ముందు కంటపడేది 'జరిగిన కథ'. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమిలో వారం వారం వచ్చిన రోజుల్లో పాఠకుడికి ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య ఏడు రోజుల ఎడం ఉండేది. ఆ ఏడు రోజుల్లో పొలం పనులు, పెళ్లిళ్లు, పక్కింటి గొడవలు ఎన్నో వచ్చి పడతాయి. మరిచిపోవడం పాఠకుడి తప్పు కాదు. ఎక్కడ వదిలాడో అక్కడికి అతన్ని మళ్లీ చేర్చే పని పత్రిక మీద ఉండేది.

అదే పని ఇప్పుడు టీవీ మీద పడింది. ఎపిసోడ్ మొదట్లో దానికి రెండు దారులున్నాయి. మొదటిది 'గత ఎపిసోడ్‌లో' అంటూ వేసే ముక్కల వరస, అంటే రీక్యాప్. రెండోది కోల్డ్ ఓపెన్: టైటిల్స్ పడకముందే, ఏ పరిచయమూ లేకుండా నేరుగా సీన్‌లోకి దిగిపోవడం. చూడ్డానికి రెండూ ఎపిసోడ్ ముందు తగిలించిన తోకల్లాగే ఉంటాయి. కానీ తిరిగొచ్చిన ప్రేక్షకుడి మీద వాటి పని ఒకటి కాదు.

రీక్యాప్ జరిగిందంతా చెబుతుందని చాలామంది అనుకుంటారు. ఎడిటర్ ముందున్న ప్రశ్న అది కాదు. ఇంతవరకు జరిగినదాంట్లో ఈ రాత్రికి ఏది కావాలన్నదే అతని లెక్క. గోదావరి లంక ఊళ్లో కథ నడిచే 'కుమారి శ్రీమతి'ని తీసుకుందాం. 2023 సెప్టెంబరులో ప్రైమ్ వీడియోలో వచ్చిన ఏడు ఎపిసోడ్ల సిరీస్ ఇది. తాతల నాటి ఇల్లు బాబాయి చేతికి పోకుండా దక్కించుకోవాలంటే, నిత్యామీనన్ పోషించిన శ్రీమతి ఆరు నెలల్లో 38 లక్షలు కట్టాలి. డబ్బు కోసం ఆమె ఊళ్లో బార్ పెట్టడానికి పూనుకుంటుంది.

ఈ సిరీస్ వారానికొకటిగా వచ్చి ఉంటే, మధ్యలో ఒక ఎపిసోడ్‌కి నలభై సెకన్ల రీక్యాప్ ఎలా కట్టాలి? మొదట 38 లక్షలు, ఆరు నెలలు. ఈ రెండు అంకెలూ వినపడకపోతే తర్వాత ఆమె పడే కంగారు ఎవరికీ అర్థం కాదు. దానికి ఆ గడువు పెట్టిన కోర్టు సీనంతా అక్కర్లేదు. అంకె పలికిన ఒక్క ముక్క, దాన్ని విన్న శ్రీమతి మొహం ఉంటే పది సెకన్లలో అయిపోతుంది. తర్వాత బార్ నిర్ణయం. చివరిది ఈ రాత్రి కథను బట్టి మారుతుంది. ఇవాళ బాబాయి గుమ్మంలోకి రావాల్సి ఉంటే పాత పగ మాట ఒకటి వేస్తారు. ఊళ్లోవాళ్ల ఎదిరింపే ఇవాళ్టి కథైతే బాబాయి ముక్క తీసేసి ఊరిని పెడతారు. ఎంత బాగా నవ్వించిన సీనైనా ఇవాళ పనికి రాకపోతే పక్కకి పోవాల్సిందే. వరస కూడా జరిగిన క్రమంలోనే ఉండాలని లేదు. మొదటి సీన్‌కి ఏది ఆనుకుని ఉండాలో అది చివర్లో వస్తుంది.

చిక్కు సరిగ్గా ఇక్కడే పుడుతుంది. ఏది అవసరమో ఎంచి చూపిస్తున్నామంటే, ఏం జరగబోతోందో ముందే చెప్పేస్తున్నట్టే కదా! పది ఎపిసోడ్లుగా కనిపించని మేనమామ ఒక్కసారి రీక్యాప్‌లో మెరిస్తే, గోదావరి జిల్లాల్లో ఏ అమ్మమ్మైనా "ఇవాళ వాడొస్తాడే" అనేస్తుంది. ఆయన తలుపు తట్టే ఘట్టం కోసం రచయిత పడ్డ కష్టమంతా అక్కడే నీరుగారిపోతుంది. దీనికి ఎడిటర్లు చేసేదేమిటంటే, ఆ మనిషిని చూపించకుండా అతని గురించి వేరొకరు అన్న మాటని మాత్రం వినిపిస్తారు. లేదా అందరికీ గుర్తున్న రెండు పెద్ద సీన్ల మధ్య ఆ ముక్కని పెట్టేస్తారు, కన్ను దానిమీద ఆగదు. రెండూ కుదరనప్పుడు ఆ పాత్రని రీక్యాప్ నుంచి పూర్తిగా తప్పించి, ఎవరో గుర్తు చేసే పనిని కథలోనే ఒక మాటకి అప్పగిస్తారు.

కోల్డ్ ఓపెన్ ఇంకో రకం. అది గుర్తు చేయదు, గుర్తుందన్న నమ్మకంతో మొదలవుతుంది. అమెరికాలో 2009లో వచ్చిన 'బ్రేకింగ్ బ్యాడ్' రెండో సీజన్ దీన్ని ఎంత దూరం తీసుకెళ్లొచ్చో చూపించింది. మొదటి ఎపిసోడ్ నలుపు తెలుపుల్లో తెరుచుకుంటుంది. ఒక ఇంటి ఈతకొలనులో కాలిన గులాబీ రంగు ఎలుగుబంటి బొమ్మ ఒకటి తేలుతుంటుంది, దానికి ఒక కన్ను లేదు. వివరణ ఏమీ ఉండదు. అదే ఇంటి దృశ్యం మళ్లీ నాలుగు, పది, పదమూడో ఎపిసోడ్ల మొదట్లో వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కెమెరా ఇంకొంచెం బయటికి చూపిస్తుంది. అది ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్న శిథిలమని చివరి ఎపిసోడ్‌లో గానీ తేలదు. ఆ నాలుగు ఎపిసోడ్ల పేర్లని వరసగా చదివితే ఆ ప్రమాదమే కనిపిస్తుంది. నిన్న ఏం జరిగిందో చెప్పే రీక్యాప్‌కి ఇది సాధ్యం కాదు, ఎందుకంటే ఆ బొమ్మ ఇంకా జరగని కథలోది. వారాల తరబడి చూస్తూ వచ్చినవాడికి మాత్రమే ఆ దృశ్యం రెండోసారి చూడగానే గుండె జారుతుంది. మధ్యలో చేరినవాడికి అది ఒట్టి బొమ్మ.

మన డైలీ సీరియల్ ఈ రెండింటినీ కలిపి తనకంటూ ఒక పద్ధతి చేసుకుంది. నిన్నటి చివరి సీన్‌నే ఇవాళ మళ్లీ వేస్తుంది. నిన్న ఏ చెంపదెబ్బ దగ్గర ఫ్రేమ్ ఆగిందో, ఇవాళ ఆ చెయ్యి ఎత్తిన దగ్గర మొదలవుతుంది. ఎడం ఒక్క రోజే కాబట్టి కథ చెప్పక్కర్లేదు, నిన్న ఆగిన ఉద్వేగాన్ని మళ్లీ అందిస్తే చాలు. శుక్రవారం ఆపి సోమవారం వచ్చే సీరియల్‌కి ఆ ముక్క కాస్త పొడుగైనా ఎవరూ విసుక్కోరు. మిగతా రోజుల్లో అదే ముక్క రెండు నిమిషాలకి సాగితే మాత్రం ప్రేక్షకుడు పట్టేస్తాడు: ఇవాళ తీసిన సీన్లు చాలలేదు.

మంజులా నాయుడు తీసిన 'మొగలిరేకులు' 2008 నుంచి 2013 దాకా జెమినిలో నడిచింది. అంత పొడవైన కథని ఏ రీక్యాప్ మోస్తుంది? అలాంటి సీరియళ్లలో ఆ బరువు మాటల మీద పడుతుంది. ఇద్దరికీ తెలిసిన సంగతినే ఒకరు ఇంకొకరికి మళ్లీ చెబుతారు. విమర్శకులకి అది సాగతీత. రెండు రోజులు కరెంటు పోయి సీరియల్ తప్పిపోయిన ఇంట్లో మాత్రం అదే జరిగిన కథ.

ఓటీటీ ఈ లెక్కని తిరగేసింది. సిరీస్ అంతా ఒకేసారి వచ్చేస్తే ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ ఎడం కొన్ని సెకన్లే. ఇప్పుడే చూసింది మళ్లీ చూపిస్తే ఎవరికి ఓపిక? టైటిల్స్ చూసే ఓపికే లేదు: నెట్‌ఫ్లిక్స్ 2017లో వాటిని దాటేసే బటన్ తెచ్చింది. రోజుకి 13.6 కోట్ల సార్లు దాన్ని నొక్కుతున్నారని 2022లో అదే సంస్థ చెప్పింది. కోల్డ్ ఓపెన్‌ని మాత్రం అలా ఎవరూ దాటరు, అది కథే కాబట్టి. అందుకే చాలా వెబ్ సిరీస్‌లు మధ్య ఎపిసోడ్ల రీక్యాప్ వదిలేసి నేరుగా సీన్‌తో మొదలవుతున్నాయి.

అలాగని రీక్యాప్ పని అయిపోలేదు. అది సీజన్ల మధ్యకి మారింది. 'సేవ్ ది టైగర్స్' వెబ్ సిరీస్ మొదటి సీజన్ 2023 ఏప్రిల్‌లో వస్తే రెండోది 2024 మార్చిలో వచ్చింది. పదకొండు నెలలు గడిచాక నలభై సెకన్లు ఏ మూలకి? అంత ఎడం తర్వాత వచ్చే ఎపిసోడ్‌కి రెండు మూడు నిమిషాలు కావాలి, అందులో ఏ సీన్ ఉండాలన్న దానికంటే ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పాలి.