చివరి బెంచీ నవ్వు: పూర్వ విద్యార్థుల మీమ్‌లలో బడి జ్ఞాపకం

బడి జ్ఞాపకాల చుట్టూ అల్లుకున్న తెలుగు మీమ్‌లలో మూడు పాత్రలు స్థిరపడిపోయాయి. చివరి బెంచీ విద్యార్థి, హోంవర్క్ చేయని విద్యార్థి, బెత్తం పట్టిన సారు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి విడివడి జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పూర్వ విద్యార్థుల వాట్సాప్ బృందాలలోనూ తిరిగేవి ఇవే. పదవ తరగతి బ్యాచ్ పేరిట ఏర్పడే ఈ బృందాలలో ఆత్మీయ సమ్మేళనం దగ్గరపడినప్పుడు, సెప్టెంబరు 5న ఇవి మరింత విరివిగా కనిపిస్తాయి.

వీటి నిర్మాణం సరళమైనది. బొమ్మ సినిమాది, మాట స్థానికమైనది. 'నువ్వు నేను' (2001) చిత్రంలో ధర్మవరపు సుబ్రహ్మణ్యం పోషించిన లెక్చరర్ వంటి పాత్ర ముఖం మీద "హోంవర్క్ ఏదిరా?" అన్న ప్రశ్న ఉంటుంది. కింద "చేసిన సార్, ఇంటికాడ మరిచొచ్చిన" అన్న జవాబు ఉంటుంది. పాఠ్యపుస్తకం ప్రామాణిక భాషలో ఉండేది. సారుకు చెప్పిన అబద్ధం మాత్రం ఇంటి భాషలోనే పలికింది. బడిలో చోటు దొరకని మాండలికానికి మీమ్ చోటిస్తున్నది. బ్యాచ్ సభ్యులు దానిని చూడగానే తమదిగా గుర్తించడానికి మొదటి కారణం ఈ భాషే. పంచుకునేవారు కొత్త విషయం చెప్పడం లేదు. "నువ్వూ అక్కడే ఉన్నావు కదా" అని అడుగుతున్నారు. ఏళ్ల తరబడి మాట కలవని వారి మధ్య ఇంత తక్కువ శ్రమతో బంధాన్ని పునరుద్ధరించే సాధనం మరొకటి లేదు.

అయితే "బ్యాక్ బెంచ్" అన్న ప్రతీకలోనే ఒక చిక్కు ఉన్నది. గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో ఎందరో విద్యార్థులు నేల మీదనే కూర్చున్నారు. బెంచీ హైస్కూలులోనో జూనియర్ కళాశాలలోనో ఎదురైన వస్తువు. అల్లరికి, స్నేహానికి నిలయంగా చివరి బెంచీకి ఉన్న వైభవం చాలావరకు కళాశాల సినిమాల నుండి వచ్చింది. ఆ బెంచీ మీద కూర్చున్నది కూడా దాదాపు ఎప్పుడూ మగపిల్లవాడే. వెనుక వరుసలో పాఠం అందక మౌనంగా ఉండిపోయిన ఆడపిల్లకు మీమ్‌లో పాత్ర లేదు.

హోంవర్క్ సాకు విషయంలో ఈ ప్రాంత చరిత్ర మరింత నిశితంగా అడ్డు వస్తుంది. గద్వాల పరిసరాలు హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి ప్రసిద్ధి. ఆ సాగులో సాయంత్రం పూట మొగ్గను విప్పి కేసరాలను తీసివేస్తారు. మరునాటి ఉదయం మగ మొక్క పూల పుప్పొడిని దానికి అద్దుతారు. పూత ఉన్నన్నాళ్లూ, వారాల తరబడి, ప్రతిరోజూ సాగవలసిన పని ఇది. చిన్న వేళ్లు దీనికి అనువైనవన్న వాదనతో పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను నియోగించడం బాలకార్మిక అధ్యయనాలలో విస్తృతంగా నమోదైంది. ఉదయపు పుప్పొడి పని బడి వేళను, సాయంత్రపు మొగ్గ పని హోంవర్క్ వేళను తినివేస్తాయి. అటువంటి పిల్ల "రాయలే సార్" అన్నప్పుడు అది సాకు కాదు. అసలు కారణం చెప్పినా తరగతిలో అది సాకుగానే వినబడేది. మీమ్‌లోని నవ్వు సాకు అబద్ధమన్న నమ్మకం మీద ఆధారపడింది. సాకు నిజమైనచోట ఆ నవ్వు నిలవదు. అందుకే కుక్క నోట్‌బుక్ చింపిందన్న మీమ్ ఉంటుంది గాని, పత్తి చేనుకు పోయానన్న మీమ్ అరుదు.

కఠినమైన ఉపాధ్యాయుని మీమ్‌లో నవ్వు వాదనగా మారుతుంది. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందే పదవ తరగతి ముగించినవారికి గోడకుర్చీ, గుంజీలు, వేళ్ల కణుపుల మీద స్కేలు దెబ్బ తమ తరపు గుర్తింపు చిహ్నాలైనాయి. "ఆ దెబ్బలే మనల్ని మనుషులను చేసినై" అన్న వాక్యం తరచుగా వీటికి తోడవుతుంది. బాధను హాస్యంగా మలచుకోవడం సహజమే. భయపెట్టినవాడిని నలుగురూ కలిసి నవ్వగలగడం ఆలస్యంగా దక్కిన స్వేచ్ఛ. ఆ సారునే సమ్మేళనంలో శాలువాతో సత్కరించడమూ ఆ స్వేచ్ఛలో భాగమే. కాని దెబ్బ మేలు చేసిందన్న సాక్ష్యం ఎవరిది? పదవ తరగతి బ్యాచ్ బృందం పదవ తరగతి దాకా నిలిచినవారి జాబితా. దెబ్బకు జడిసి ఏడో తరగతిలోనే బడి మానినవారు, తల్లిదండ్రులతో వలస వెళ్లిన పిల్లలు ఆ బృందంలో సభ్యులు కారు. దెబ్బలు తిని నిలదొక్కుకున్నవారే మాట్లాడుతున్నారు. కనుక దెబ్బ ఫలించినట్లు కనిపిస్తుంది.

అప్పుడప్పుడు ఇటువంటి మీమ్ కింద ఎవరో ఒకరు పాత గ్రూపు ఫొటో పెట్టి, పేరు గుర్తురాని ఒక ముఖాన్ని చూపి, "ఈమె ఎటుపోయిందో ఎరికేనా?" అని అడుగుతారు. జవాబు ఆలస్యంగా వస్తుంది, లేదా మరొక మీమ్ వస్తుంది.