రద్దు చెక్కు మీద కొత్త నంబరు

బాలానగర్‌లో ఫ్లాంజులు చేసే చిన్న వర్క్‌షాపు యజమాని ఒకప్పుడు నెలకు రెండుసార్లు స్కూటరు వేసుకుని కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లేవాడు. అడిగేది ఒకటే: “సార్, మా బిల్లు ఎక్కడిదాకా వచ్చింది?” ఇప్పుడు ఆ కంపెనీ సప్లయర్ పోర్టల్ పెట్టింది. రిజిస్ట్రేషన్, కాగితాల అప్‌లోడ్, బిల్లు స్థితి అన్నీ ఫోన్‌లోనే. స్కూటరు పని తగ్గింది.

ఇందులో చాలా భాగాన్ని సప్లయర్ చేతికి వదిలేయొచ్చు. 15 అక్షరాల జీఎస్‌టీ నంబరులో మూడో స్థానం నుంచి పన్నెండో స్థానం దాకా ఉండేది పాన్ నంబరే. రెండూ కలవకపోతే పోర్టల్ అక్కడికక్కడే ఆపేస్తుంది, మనిషి చూడాల్సిన పని లేదు.

బ్యాంకు ఖాతా గడి మాత్రం వేరు. అక్కడ అడిగేది రద్దు చేసిన చెక్కు ఫోటో, దాని మీద అంకెలు మార్చడానికి పది నిమిషాలు చాలు. పైగా ఆన్‌లైన్ చెల్లింపును ఖాతా నంబరు చూసి జమ చేయడమే మన బ్యాంకుల పద్ధతి. పేరు ఒకటై నంబరు ఇంకొకటైతే డబ్బు నంబరు వెంటే పోతుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. వర్క్‌షాపు బిల్లు 8,60,000 రూపాయలు. దొంగకు వర్క్‌షాపు ఈమెయిల్ పాస్‌వర్డు దొరికింది. పోర్టల్‌లో “పాస్‌వర్డు మర్చిపోయాను” అని నొక్కితే ఓటీపీ ఆ మెయిల్‌కే వచ్చింది. లోపలికి వెళ్లగానే స్థితి పేజీ కనిపించింది: బిల్లు ఆమోదం పొందింది, చెల్లింపు గురువారం. యజమాని సౌకర్యం కోసం పెట్టిన ఆ తేదీయే దొంగకు ముహూర్తం. శనివారం ఫోన్ నంబరు మార్చాడు, సోమవారం ఖాతా నంబరు మార్చాడు. మంగళవారం అకౌంట్స్ వాళ్లు నిర్ధారణ కోసం ఫోన్ చేశారు. రికార్డులో ఉన్న నంబరుకే చేశారు. ఎత్తింది దొంగ.

ఫోన్ చేసి కనుక్కోవాలన్న నియమం ఉన్నా, ఏ నంబరుకు అన్నది రాసి ఉండకపోవడమే ఇక్కడి లోపం. మార్పు అడిగిన రోజుకు ముందు కనీసం నెల నుంచి ఉన్న నంబరుకే చేయాలి. ఫోన్, మెయిల్, ఖాతా దగ్గర దగ్గరగా మారితే పోర్టలే ఎర్రజెండా ఎత్తాలి. పాత నంబరుకు ఎస్ఎంఎస్ వెళ్లాలి, ఎందుకంటే మెయిల్‌కు వచ్చిన హెచ్చరికను దొంగ చదివి చెరిపేస్తాడు. కొత్త ఖాతా నంబరు వెంటనే మాస్టర్ రికార్డులోకి ఎక్కకుండా, నిర్ధారణ అయ్యేదాకా పెండింగ్‌లో నిలవాలి, అంతవరకూ చెల్లింపు ఆగాలి. ఆమోదించేవారు ఒకరు, డబ్బు పంపేవారు వేరొకరు అయి ఉండాలి.

ఇంకో చిక్కు మన దగ్గర మరీ ఎక్కువ. చిన్న వర్క్‌షాపుల్లో లాగిన్ యజమాని దగ్గర ఉండదు, నాలుగైదు సంస్థల లెక్కలు చూసే పార్ట్‌టైమ్ అకౌంటెంటు దగ్గర ఉంటుంది. రికార్డులో ఉన్న ఫోనూ, మెయిలూ ఆయనవే. ఆయన మెయిల్ ఒక్కటి పోతే అందరి ఖాతాలూ గాల్లో దీపాలే. అందుకే రిజిస్ట్రేషన్ రోజునే యజమాని నంబరును వేరే గడిలో తీసుకుని, ఖాతా మార్పుకు ఆ నంబరునే వాడాలి.

ఒక రూపాయి పంపి బ్యాంకు చూపించే పేరుతో సరిపోల్చడం మంచి పద్ధతే. దానికీ హద్దుంది. 2013 నుంచి 2015 దాకా ఎవాల్దాస్ రిమసాస్కస్ అనే లిథువేనియా వాసి గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి పది కోట్ల డాలర్లకు పైగా కొట్టేశాడు. అతను మోసానికి వాడుకున్నది పోర్టల్‌ను కాదు, మెయిళ్లు, నకిలీ ఇన్వాయిస్‌లను. అయితే వాళ్లకు నిజంగానే సరుకు ఇచ్చే తైవాన్ కంపెనీ క్వాంటా పేరుతోనే లాత్వియాలో ఒక కంపెనీ రిజిస్టర్ చేసి, దాని పేర ఖాతాలు తెరిచాడు. పేరు సరిపోల్చితే సరిగ్గానే ఉండేది. 2019 డిసెంబరులో అతనికి అయిదేళ్ల జైలు పడింది.

ఈ జాగ్రత్తల వల్ల నిజాయితీగా ఖాతా మార్చుకున్నవాడికీ నాలుగైదు రోజులు ఆలస్యమవుతుంది. స్థితి పేజీలో “ప్రాసెస్‌లో ఉంది” అని మాత్రమే రాస్తే ఆయన మళ్లీ స్కూటరు తీస్తాడు. “ఖాతా మార్పు నిర్ధారణ కోసం ఆపాము, మీ పాత నంబరుకు ఫోన్ చేస్తాము” అని రాస్తే ఆగుతాడు. మార్పు అడిగింది దొంగ అయితే, ఆ ఫోన్ అసలు యజమాని దగ్గర లేత్ మిషన్ మోత మధ్యలో మోగుతుంది.

“ఖాతా మార్చమని పెట్టారా అండీ?”

“లేదు మేడమ్. ఎవరు పెట్టారు?”

అవతల ఆమె చెల్లింపు జాబితాలోంచి ఆ వరుస తీసేసి, లాగిన్ ఆపేయమని ఐటీ వాళ్లకు చెబుతుంది.