ఫిబ్రవరి షీటు, మే షీటు

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక ఎక్సెల్ షీటు. మాదాపూర్‌లో మూడు వందల మంది ఇంజినీర్లున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆడిట్ ఫైలు సోమవారం నా బల్ల మీదికి వచ్చింది. సంతకానికి ముందు చివరిసారి చూడాలి. ఫిబ్రవరిలో, ప్లానింగ్ అప్పుడు, తొమ్మిది నెలల అంకెలతో చేసిన అనలిటికల్ షీటు ముందర ఉంది. మే నెలలో, ఫైనల్ రివ్యూ కోసం, ఏడాది మొత్తం అంకెలతో చేసిన షీటు వెనక ఉంది. అంకెలు మారాయి, తేదీ మారింది. వివరణల కాలమ్‌లో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. 'వ్యాపారం పెరిగినందువల్ల', 'జీతాలు పెరిగినందువల్ల'. అక్కడ దొర్లిన అచ్చుతప్పు కూడా ఇక్కడికి అలాగే వచ్చేసింది.

షీటు చేసిన ఆర్టికల్ అమ్మాయిని పిలిచాను. "ఇదేంటమ్మా?" అంటే, "రెవెన్యూ ఫిబ్రవరిలో చూసినప్పుడు పోయినేడు కంటే 14 శాతం ఎక్కువ సార్, ఇప్పుడు 15 శాతం. దాదాపు అంతే కదా అని మాట మార్చలేదు" అంది. తడుముకోకుండా చెప్పింది. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. వారమంతా అదే బుర్రలో తిరిగింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు: అంచనా ముందు, అంకె తర్వాత. ట్రయల్ బ్యాలెన్స్ తెరవకముందే, ఈ ఏడు అమ్మకం ఎంతుండాలో, జీతాలు ఎంతుండాలో, ఎంత తేడా వస్తే ఊరుకోకూడదో కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాతే కంపెనీ అంకె చూడాలి. ముందే చూసేస్తే మన అంచనా తెలియకుండానే అటువైపు జరిగిపోతుంది. మన ఆడిటింగ్ ప్రమాణాల్లో ఎస్ఏ 315 ఈ పనిని ప్లానింగ్‌లో చేయమంటుంది, ఎస్ఏ 520 ఆడిట్ చివర్లో మళ్లీ చేయమంటుంది. ఈ రెండూ తప్పనిసరి. మధ్యలో దాన్నే ఆధారంగా వాడుకోవాలా వద్దా అన్నది ఆడిటర్ ఇష్టం. నేను ఇన్నేళ్లూ మొదటిదానికే పెద్దపీట వేశాను. ప్లానింగ్ సరిగ్గా చేస్తే చివరిది లాంఛనమని ఆర్టికల్స్‌కు చెబుతూ వచ్చాను. అలా చెప్పిన ప్రతిసారీ నేను చూపించే సాక్ష్యం ఒకటుంది.

2009 జనవరి 7, బుధవారం. సైబర్ టవర్స్‌కు దగ్గర్లోనే ఒక క్లయింట్ ఆఫీసులో ఉన్నాను. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు రాసిన ఉత్తరం మెయిళ్లలో తిరగడం మొదలైంది. ఎవరో ప్రింట్ తీశారు. ప్రింటర్ దగ్గరే నిలబడి నలుగురం చదివాం. ఆ క్లయింట్ అక్కౌంటెంట్ తమ్ముడు సత్యంలోనే పనిచేస్తున్నాడు. ఆయన ఉత్తరం పూర్తిగా చదవకుండానే ఫోన్ పట్టుకుని మెట్ల వైపు వెళ్లిపోయారు. ఆ రోజు రోడ్డు మీద సత్యం బ్యాడ్జీ మెడలో ఉన్న పిల్లలు గుంపులుగా నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. నెల జీతం వస్తుందా రాదా అన్నది కూడా ఎవరికీ తెలియదు.

ఆ ప్రింటు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో అంకెలు 2008 సెప్టెంబర్ 30 నాటివి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనివి. రావలసిన వడ్డీ కింద చూపిన 376 కోట్లు లేనివి. ఆ త్రైమాసికం రాబడి 2,700 కోట్లని చూపారు, అసలు 2,112 కోట్లు. ఆపరేటింగ్ లాభం 649 కోట్లని చూపారు, అసలు 61 కోట్లు. 24 శాతం మార్జిన్ చూపిన చోట ఉన్నది 3 శాతం. ప్లానింగ్‌లో నిజాయితీగా అంచనా వేసుకుని ఉంటే ఇది దొరికేదని ప్రతి ఏడూ కొత్త ఆర్టికల్స్‌కు చెబుతుంటాను. అమ్మాయికి కూడా అదే చూపిద్దామని మంగళవారం ఆ కాగితం బయటికి తీశాను. ఈసారి ఊరికే చెప్పడం కాకుండా పెన్సిల్ పట్టుకుని నిజంగా చేసి చూపిద్దామనుకున్నాను.

చేస్తే, కుదరలేదు.

సెప్టెంబర్ త్రైమాసికానికి నేనైతే అంచనా ఎలా వేస్తాను? ముందటి త్రైమాసికాల రాబడి తీసుకుంటాను, పెరుగుదల కలుపుతాను. కానీ ఆ తేడా ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిందని ఉత్తరమే చెబుతోంది. అంటే నా అంచనాకు పునాది కూడా ఆ అబద్ధమే. లెక్క తిరిగి తిరిగి 2,700 దరిదాపులకే చేరుతుంది. పోనీ, తోటి కంపెనీలతో పోలుద్దామా? ఈ రంగంలో పెద్ద కంపెనీలు 25 శాతానికి అటూ ఇటూ మార్జిన్ చూపే రోజులవి. 24 శాతం చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఉలిక్కిపడాల్సింది 3 శాతం చూసి, అది పుస్తకాల్లో లేదు. అబద్ధాన్ని కట్టినవాళ్లు సరిగ్గా మనలాంటివాళ్ల అంచనాకు సరిపోయేలా కట్టారు. అంచనాకూ అంకెకూ తేడా లేదన్నదే అక్కడ మోసపోయిన చోటు.

అయినా రెండు చోట్ల కుట్టు కనిపిస్తుంది. మొదటిది ఖర్చు. 2,700లోంచి 649 తీస్తే 2,051. 2,112లోంచి 61 తీసినా 2,051. రెండు లెక్కల్లోనూ ఖర్చు ఒక్కటే. అంటే అదనంగా చూపిన 588 కోట్ల వెనక ఒక్క గంట పని లేదు, ఒక్క రూపాయి జీతం లేదు. ఇన్వాయిస్ మామూలుగా పుట్టే దారి వేరు. ఇంజినీరు టైమ్‌షీట్ నింపుతాడు, ప్రాజెక్టు మేనేజర్ ఒప్పుకుంటాడు, దాని మీద బిల్లు తయారవుతుంది. సీబీఐ దర్యాప్తులో బయటపడ్డ ఏడు వేలకు పైగా నకిలీ ఇన్వాయిస్‌లు ఆ దారిన రాకుండా నేరుగా బిల్లింగ్ సిస్టమ్‌లోకి దిగాయి. టైమ్‌షీట్ల గంటలను కాంట్రాక్టు రేటుతో గుణించి ఉంటే అసలు రాబడి దరిదాపులకు వచ్చేది. పుస్తకాల్లో ఉన్నది అంతకంటే 28 శాతం ఎక్కువ.

రెండోది వడ్డీ. 5,040 కోట్ల డిపాజిట్ మీద ఏడాదికి 9 శాతం వేసుకున్నా నెలకు 38 కోట్లు. 376 కోట్లంటే పది నెలల వడ్డీ రావలసి ఉండి కూడా రాలేదన్నమాట. డిపాజిట్లు ఏడాది పొడవునా పెరుగుతూ వచ్చాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ నెలలది. కాలపరిమితి తీరాక ఒకేసారి వడ్డీ ఇచ్చే డిపాజిట్లు ఉంటాయి, కాదనను. కానీ అలాంటివాటి మీద కూడా బ్యాంకు టీడీఎస్ కోస్తుంది, సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్లేవీ అని అడగొచ్చు. బ్యాంకు నుంచి నేరుగా ఆడిటర్‌కే వచ్చిన ధ్రువీకరణ ఏదీ అని అడగొచ్చు. ఈ ధ్రువీకరణల పని సరిగ్గా జరగలేదనే 2011లో అమెరికా ఎస్ఈసీ సత్యం ఆడిటర్ల మీద చర్య తీసుకుంది.

ఇక్కడే నా పాత పాట శ్రుతి తప్పింది. టైమ్‌షీట్ గంటలు, టీడీఎస్ సర్టిఫికెట్లు, బ్యాంకు జవాబులు, పీఎఫ్ చలాన్లు ఫిబ్రవరిలో మన చేతిలో ఉండవు. ప్లానింగ్‌లో మన దగ్గరుండేది అక్కౌంట్స్ సెక్షన్ ఇచ్చిన అంకెలు, పోయినేడు అదే సెక్షన్ ఇచ్చిన అంకెలు. ఆ రెండింటినీ పోలిస్తే అక్కౌంట్స్ సెక్షన్‌ను దానితోనే పోల్చినట్టు. ఎక్కడ ఎక్కువ వెతకాలో తెలుసుకోవడానికి అది చాలు, అంతకు మించి చాలదు. పుస్తకాల బయట పుట్టిన అంకెలు ఆడిట్ నడుస్తున్నకొద్దీ ఒక్కొక్కటిగా ఫైలులోకి చేరతాయి. అన్నీ చేరేది చివర్లో. నేను లాంఛనమన్న ఫైనల్ రివ్యూలోనే మొదటిసారి నిజమైన అంచనా వేయగలిగేది. దాన్ని మేం సంతకం రోజు రాత్రి పదింటికి, డైరెక్టర్లు పక్కగదిలో ఎదురుచూస్తుండగా చేస్తున్నాం.

బుధవారం అమ్మాయిని కూర్చోబెట్టి, ఫిబ్రవరి షీటు చూడకుండా కొత్తగా వేద్దామన్నాను. అక్కౌంట్స్‌ను కాదు, డెలివరీ హెడ్‌ను అడిగి గంటలు తెచ్చుకోమన్నాను. మొదటి తొమ్మిది నెలలకు 4.5 లక్షల గంటలు. కాంట్రాక్టుల ప్రకారం సగటు రేటు గంటకు 1,800 రూపాయలు. 81 కోట్లు రావాలి, పుస్తకాల్లో 81.6 కోట్లు. అంటే ఫిబ్రవరి షీటు తప్పేం కాదు. చివరి మూడు నెలలకు 1.44 లక్షల గంటలు. దాదాపు 26 కోట్లు రావాలి, పుస్తకాల్లో 31.6 కోట్లు. తేడా అయిదున్నర కోట్లకు పైనే. కోటిన్నర దాటితే ఊరుకోకూడదని లెక్క వేయకముందే రాసుకున్నాం.

ఏడాది మొత్తం మీద చూస్తే 14 శాతం పెరుగుదల 15 అయింది, అంతే. తొమ్మిది నెలల సరైన అంకె మూడు నెలల తేడాను కడుపులో పెట్టుకుంది. చివరి త్రైమాసికాన్ని విడిగా తీసి పోయినేటి అదే త్రైమాసికంతో పోలిస్తే పెరుగుదల 17 శాతం దాటింది. గంటలేమో తొమ్మిది నెలల సగటు కంటే తగ్గాయి.

ఫైనాన్స్ హెడ్‌ను అడిగితే, జనవరి నుంచి ఒక క్లయింట్ రేటు పెంచాడన్నారు. నిజమే, కాగితం చూపించారు. ఒక్క క్లయింటుకు 4 శాతం. మా తేడా పూడాలంటే అందరు క్లయింట్లకూ 22 శాతం పెరగాలి. జవాబు నిజమైనంత మాత్రాన తేడా పూడిపోదు. వివరణ వచ్చాక దాన్నీ గుణించి చూడాలని అమ్మాయికి అప్పుడే చూపించాను. గురువారం మిగతా ముడి విడింది. మార్చి 31 తేదీతో, ఏప్రిల్‌లో వేసిన ఎంట్రీ ఒకటి కనిపించింది. ఒక ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టు మీద, ఇంకా బిల్లు చేయని రాబడి కింద 5.4 కోట్లు. ఆ ప్రాజెక్టులో జరిగిన పని అంత లేదు, గంటలే చెబుతున్నాయి. మోసం చేద్దామని కాదు, మైలురాయి దాటేశామని సేల్స్ వాళ్లు చెప్పిన మాట నమ్మి వేశారు. జరిగిన పనికి 1.1 కోట్లు నిలిచింది, 4.3 కోట్లు వెనక్కి తీశారు. సంతకం వచ్చే వారానికి జరిగింది.

శనివారం అమ్మాయి కొత్త షీటు తెచ్చింది. మొదటి కాలమ్ అంచనా, రెండోది ఆ అంచనా ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వాళ్ల డిపార్ట్‌మెంట్ పేరు, మూడోది పుస్తకాల అంకె. రెండో కాలమ్ నేను చెప్పింది కాదు, తనే చేర్చింది. జీతాల వరుసలో మాత్రం ఆ కాలమ్ ఖాళీగా ఉంది. "పీఎఫ్ చలాన్లు హెచ్ఆర్ వాళ్లు సోమవారం ఇస్తామన్నారు సార్, అవి వచ్చాకే నింపుతాను" అంది.