మసక అంకెల్లో అడిగి తెలుసుకోవలసినవి

చేతితో రాసిన లెక్కను ఫోనుతో ఫోటో తీసి పంపినప్పుడు అందులోని అంకెలన్నీ ఒకే తీరుగా మసకబారవు. ద్విపద విస్తరణ లెక్కలో, అంటే రెండు పదాలున్న రాశిని దానితోనే అనేకసార్లు గుణించి పదాలుగా విడదీసే లెక్కలో, ముందుగా చెడిపోయేది కుండలీకరణం బయట పైన చిన్నదిగా రాసిన ఘాతం. తక్కిన అంకెలతో పోలిస్తే దాని ఎత్తు దాదాపు సగమే ఉంటుంది కనుక, చెయ్యి కొద్దిగా కదిలినా, పంపేటప్పుడు ఫోటో పరిమాణం కుదించుకుపోయినా, దాని లోపలి ఖాళీలు మూసుకుపోయి 9 కాస్తా 4 లాగా, 7 లాగా కనిపిస్తుంది. ఆ తరువాత దెబ్బతినేవి భిన్నంలోని లవహారాలు, ఎందుకంటే ఒక వరుసలో పట్టవలసిన చోట పైన ఒకటి, కింద ఒకటి ఇరికించి రాయవలసి వస్తుంది. గీతల నోటుపుస్తకంలో రాసినదైతే రుణగుర్తు కాగితం మీద అచ్చయిన గీతలో కలిసిపోయి, అసలు ఉందో లేదో తేలని స్థితి ఏర్పడుతుంది.

ఇంటర్మీడియట్ విద్యార్థుల నుంచి ఇటువంటి ఫోటోలు అందుకునే అధ్యాపకులు సాధారణంగా రెండు దారుల్లో ఒకదానిని పట్టుకుంటారు. కొందరు తమకు తోచిన అంకెతో లెక్క చేసి పంపుతారు, మరికొందరు ఫోటో మళ్లీ తీయమంటారు. మొదటిది తప్పు లెక్కకు సరైన సమాధానం ఇచ్చే ప్రమాదాన్ని తెస్తుంది, రెండోది రాత్రి పదింటికి పుస్తకం ముందు కూర్చున్న విద్యార్థిని అనవసరంగా ఆపుతుంది. ఈ రెండింటి కంటే మేలైన పద్ధతి ఒకటుంది. ఏ అంకెను లెక్క తనంతట తానే నిర్ణయిస్తుందో, ఏది ఎలా ఉన్నా సమాధానం మారదో, ఏది మాత్రం రాసినవారే చెప్పవలసినదో విడదీసి, చివరి రకాన్ని మాత్రమే అడగడం ఆ పద్ధతి.

ఒక లెక్కను వివరంగా పరిశీలిస్తే ఈ విభజన స్పష్టమవుతుంది. ఫోటోలో (2x² − 3/x)⁹ వంటి రాశి ఉందని, దాని విస్తరణలో x లేని పదాన్ని కనుక్కోమని ప్రశ్న ఉందని అనుకోవచ్చు. 2, దాని పక్కనున్న x² స్పష్టంగా ఉన్నాయి. నాలుగు చోట్ల మాత్రం సందేహం మిగిలింది: బయటి ఘాతం 4, 7, 9లలో ఏదైనా కావచ్చు, లవంలోనిది 3 కావచ్చు లేదా 5 కావచ్చు, హారంలోని x మీద చిన్న 2 ఉన్నట్టూ లేనట్టూ ఒక మచ్చ ఉంది, మధ్యలోని గుర్తు రుణమో ధనమో తెలియడం లేదు.

ఊహకు పూనుకోవడానికి ముందు చూడవలసినది అదే పేజీలోని తక్కిన రాత. ఒక మనిషి 9ని రాసే తీరు పేజీ అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది కనుక, పైన వేసిన తేదీలోనో, ప్రశ్న సంఖ్యలోనో, మరొక లెక్కలోనో స్పష్టంగా పడిన 9 గానీ 4 గానీ దొరికితే, దాని పక్కన మసక అంకెను పెట్టి పోల్చవచ్చు. తలభాగం మూసి రాసే అలవాటున్న చేతి నుంచి తెరుచుకున్న తల వచ్చిందంటే అది 4 అయ్యే అవకాశం పెరుగుతుంది. అయితే ఘాతాన్ని చిన్నదిగా, తొందరగా రాస్తారు కాబట్టి ఈ పోలిక ఒక మొగ్గును మాత్రమే చూపుతుంది, తీర్పు ఇవ్వదు. ఫోటోలో వెలుగునీడల తేడాను బాగా పెంచి చూడడం కూడా కొంతవరకే పనికొస్తుంది, మితిమీరితే 9 తలను మూసే సన్నని గీతే ముందు చెరిగిపోతుంది.

ఇక లెక్క నిర్మాణం చెప్పే సాక్ష్యం. ద్విపద సిద్ధాంతం ప్రకారం విస్తరణలోని ప్రతి పదాన్నీ ఒకే సూత్రంతో రాయవచ్చు, దానినే సాధారణ పదం అంటారు. బయటి ఘాతం n అయితే, అందులో మొదటి భాగం 2x² n − r సార్లు, రెండో భాగం r సార్లు గుణకారంలో వస్తాయి. ఇక్కడ r అనేది 0 నుంచి n వరకు ఉండే పూర్ణాంకం. హారంలో ఉన్నది ఉత్త x అయితే, మొదటి భాగం నుంచి x ఘాతం 2(n − r), రెండో భాగం నుంచి −r వస్తాయి, రెండూ కలిపితే 2n − 3r. x లేని పదం కావాలంటే ఇది సున్న కావాలి, అంటే 2n మూడుతో నిశ్శేషంగా భాగింపబడాలి. 4, 7, 9లలో ఆ షరతును తీర్చేది 9 ఒక్కటే, అప్పుడు r విలువ 6. హారంలో x² ఉంటే మాత్రం మొత్తం ఘాతం 2n − 4r అవుతుంది, అది సున్న కావాలంటే n సరిసంఖ్య కావాలి, కనుక 9, 7 తొలగిపోయి 4 మిగులుతుంది, r విలువ 2.

మసకగా ఉన్న అంకెలను ఒక్కొక్కటిగా కాక కలిపి పరీక్షించడం ఇక్కడ ఎంత అవసరమో గమనించాలి. ఘాతాన్ని మాత్రమే చూసి, హారంలో ఉత్త x అని మనసులో ముందే ఖాయం చేసుకున్నవారికి 9 తిరుగులేనిదిగా తోస్తుంది. హారాన్ని కూడా సందేహించినవారికి ఆరు జతల్లో రెండు నిలబడతాయి: 9తో x, 4తో x². ఈ రెండు జతల మధ్య లెక్క తానుగా ఏమీ చెప్పదు. కానీ ఒక జతలోని ఒక అంకె తెలిస్తే రెండోది దానంతట అదే తెలుస్తుంది కాబట్టి, రెండు సందేహాలకు ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న ఘాతం గురించే కావడం మంచిది, ఎందుకంటే విద్యార్థి ఘాతాన్ని ఒక అంకెగా గుర్తుంచుకుంటాడు, హారంలో చిన్న 2 ఉందా లేదా అన్నది మళ్లీ కళ్లతో వెతుక్కోవలసినది.

మధ్యలోని గుర్తును అడగనవసరం లేదు. x లేని పదంలో రెండో భాగం మొదటి జతలో ఆరుసార్లు, రెండో జతలో రెండుసార్లు వస్తుంది, రెండూ సరిసంఖ్యలే కనుక రుణగుర్తు ఉన్నా లేకున్నా ఫలితం ధనమే. ఇదే లెక్కలో మరొక పదాన్ని, r బేసిసంఖ్య అయ్యే పదాన్ని, అడిగి ఉంటే ఈ మాట చెల్లదు, అప్పుడు గుర్తును తప్పక ధ్రువీకరించుకోవలసి ఉంటుంది.

లవంలోని 3 లేదా 5 సంగతి వేరు. ఏది పెట్టినా పూర్ణాంక సమాధానమే వస్తుంది, ఏ షరతూ భంగం కాదు, అందుకే లెక్కను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. పైగా తప్పితే కలిగే తేడా కూడా ఇక్కడే పెద్దది. n విలువ 9 అయినప్పుడు x లేని పదం 84 × 8 × a⁶, అంటే 672a⁶, ఇక్కడ a అనేది లవంలోని అంకె. అది 3 అయితే సమాధానం 4,89,888, అది 5 అయితే 1,05,00,000, అంటే ఇరవై ఒక్క రెట్లకు పైగా ఎక్కువ. రెండో జత నిజమైతే సమాధానం 24a², ఇది 3కు 216, 5కు 600. నాలుగు సందేహాలతో మొదలైన పేజీ నుంచి అడగవలసినవిగా మిగిలినవి రెండే: ఘాతం, లవం.

అడిగే తీరులోనూ జాగ్రత్త కావాలి. ‘ఘాతం తొమ్మిదే కదా?’ అని అడిగితే విద్యార్థి పుస్తకం చూడకుండానే ‘అవును సార్’ అంటాడు, అతని మర్యాద అలా అనిపిస్తుంది. ‘ఘాతం తొమ్మిదా, నాలుగా? భిన్నంలో పైన ఉన్నది మూడా, ఐదా?’ అని అడిగితే కళ్లు పేజీ మీదికి వెళ్లక తప్పదు. సమాధానం అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాసి పంపమనడం ఇంకా మేలు, ఎందుకంటే సందేహానికి కారణమైన చేతిరాత మళ్లీ మధ్యలోకి రాదు. ఈలోగా ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. లవాన్ని a గానే ఉంచి 672a⁶ వరకు లెక్క నడిపి, పైన ‘ఘాతం 9, హారం x అని తీసుకోవడమైనది’ అని రాసి పంపితే, విద్యార్థికి పద్ధతి అందుతుంది, చివరి గుణకారం తన అంకెతో తానే చేసుకుంటాడు. ఒకవేళ ఆ ఊహ తప్పయితే అది ఎక్కడ తప్పిందో కూడా ఆ వాక్యమే చూపిస్తుంది.

నిర్మాణం ఇచ్చే సాక్ష్యం ఒక నమ్మకం మీద ఆధారపడి ఉందని మరవకూడదు: అడిగిన పదం ఆ విస్తరణలో ఉందన్న నమ్మకం. ప్రశ్నలో ‘x లేని పదం ఉంటే కనుక్కోండి’ అనో, ‘అటువంటి పదం లేదని చూపండి’ అనో ఉంటే 7 కూడా న్యాయమైన అభ్యర్థే అవుతుంది. అందువల్ల అంకెల కంటే ముందు ప్రశ్నలోని మాటలను పూర్తిగా చదవాలి, ఫోటో అంచున తెగిపోయిన వాక్యం ఉంటే ముందుగా దానినే అడగాలి.

నిర్మాణం కొంత చెప్పి ఆగిపోయే సందర్భం ద్విపద విభాజనంలో తరచుగా ఎదురవుతుంది. ఒకే రకమైన ప్రయత్నాన్ని n సార్లు స్వతంత్రంగా చేసినప్పుడు ఎన్నిసార్లు సఫలమవుతుందో చెప్పే సంభావ్యతల పట్టికను ద్విపద విభాజనం అంటారు. ప్రతి ప్రయత్నంలో సఫలత సంభావ్యత p, విఫలత సంభావ్యత q అయితే, అంకమధ్యమం np, విలువలు దాని చుట్టూ ఎంతగా చెదిరి ఉంటాయో కొలిచే విస్తృతి npq. q ఒకటి కంటే తక్కువ కనుక విస్తృతి ఎప్పుడూ అంకమధ్యమం కంటే తక్కువగానే ఉంటుంది. అంకమధ్యమం 4 అని స్పష్టంగా ఉండి, విస్తృతి 2, 3, 8లలో ఏదో తెలియకపోతే, 8 వెంటనే తొలగిపోతుంది. 3 అయితే q విలువ 3/4, n విలువ 16. 2 అయితే q విలువ 1/2, n విలువ 8. రెండూ నిర్దోషమైన విభాజనాలే, రెండింటిలోనూ n పూర్ణాంకమే, కాబట్టి ఏది సహజంగా కనిపిస్తుందన్న దానిని బట్టి ఎంచుకోవడానికి ఆధారం లేదు. ఒక్కసారైనా సఫలమయ్యే సంభావ్యతను అడిగారనుకుంటే, మొదటి పాఠంతో సుమారు 0.990, రెండో పాఠంతో సుమారు 0.996 వస్తాయి. ఇంత దగ్గరగా ఉన్న ఈ రెండు విలువల్లో తప్పు దానిని ఏ సరిచూపూ పట్టుకోలేదు, అందుకే అక్కడ విస్తృతిని లెక్క మొదలుపెట్టకముందే అడగాలి.