ఎదకాడ ఆగిన చేతులు

శ్రావణ సోమవారం ఉరుకుంద ఈరన్న గుడి దగ్గర చేతులన్నీ తలల మీదుంటాయి. గర్భగుడి కనబడేసరికి ఎవరూ చెప్పకుండానే రెండు అరచేతులూ కలిసి నడినెత్తికి ఎక్కుతాయి. ఆ చేతులే తిరుగుదారిలో కౌతాళం బస్సుల కాడ వియ్యంకుడు ఎదురైతే ఏం చేస్తాయో చూడండి. జేబులోంచి ఒకటి, సంచి పిడి వదిలి ఒకటి పైకి వచ్చి, ఎదకాడ కలిసి ఆగిపోతాయి. "శరణు బావా, బాగుండారా?" అవతలి చేతులూ అదే ఎత్తున కలుస్తాయి. ఒక్క పూటలో ఒకే మనిషి చేసిన రెండు దండాలివి. చేతుల అమరిక ఒకటే, మారిందల్లా ఎత్తు.

ఈ ఎత్తును భరతుడు నాట్యశాస్త్రంలో లెక్కగట్టి చెప్పాడు. రెండు పతాక హస్తాలు కలిస్తే అంజలి. దేవతలకైతే అది తల మీద, గురువులకైతే ముఖం ఎదుట, మిత్రులకైతే వక్షస్థలం దగ్గర. వియ్యంకులిద్దరూ ఆ గ్రంథం పేరు విని ఉండకపోవచ్చు. అయినా వాళ్ల చేతులు మాత్రం సరిగ్గా ఆ మూడో స్థానంలోనే ఆగాయి. నాకు ఈ ముద్రలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఆ ఆగడమే. ఎదటి మనిషిని దేవుడిగా చేసి దూరం పెట్టదు, చులకన చేసి కిందా పెట్టదు. నువ్వెవరో నాకు తెలుసు అంటుంది.

చేతులు కలిసిన క్షణంలో జరిగేది ఇంకొకటుంది. అప్పుడు మనిషి ఏ పనీ చేయలేడు. కర్ర పట్టలేడు, బీడీ కాల్చలేడు, పైసలు లెక్కపెట్టలేడు, వేలు చూపించి మాట్లాడలేడు. వేళ్లు పైకి తిరిగి ఉంటాయి గనుక ఎదటివాడి వైపు ఏదీ గురిపెట్టి ఉండదు. తల కొంచెం ముందుకు వంగుతుంది, చూపు మాత్రం ముఖాన్ని వదలదు. ఉన్న పనంతా పక్కనపెట్టి రెండు చేతులనూ ఒక మనిషికి ఇచ్చేయడం అది. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని రెండో చెయ్యి గాలిలోకి లేపితే పలకరింపు అందుతుంది గానీ మర్యాద అందదు. ఆ తేడా చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఎత్తు తప్పితే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం మన వాడుకలోనే ఉంది. విసిగిపోయినప్పుడు "నీకో దండంరా నాయనా" అంటాం. అప్పుడు చేతులు ఎక్కడికి పోతాయి? నెత్తి మీదికి. దేవుడి వాటా తెచ్చి మనిషికిస్తే అది గౌరవం కాకుండా ఎత్తిపొడుపైపోతుంది. ఎక్కువ వంగితే ఎక్కువ మన్నన అనుకోవడం తప్పని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

మరి మనిషికి ఎందుకు మొక్కాలి? భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పిన సమాధానం నాకు ఇష్టం. ఈశ్వరుడు జీవరూపంలో ప్రవేశించి ఉన్నాడు గనుక ప్రాణులన్నిటికీ మనసులో మన్ననతో మొక్కమంటాడు. దీన్ని చాలామంది నాలో ఉన్నదే నీలోనూ ఉంది, మనిద్దరం ఒకటే అని చెబుతారు. కానీ కౌతాళానికి దగ్గరలోనే, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి మధ్వ సంప్రదాయం వారు. ఆ సిద్ధాంతంలో జీవుడూ దేవుడూ ఎప్పటికీ ఒకటి కారు, ఒక జీవుడు ఇంకో జీవుడూ కాడు. అయినా ప్రతి జీవుడిలోనూ హరి అంతర్యామిగా ఉంటాడు. ఇలా చూస్తేనే నమస్కారానికి నిండుదనం వస్తుందని నాకనిపిస్తుంది. ఎదటివాడు నేను కాదు, నాలాంటివాడే కానక్కరలేదు, అతని లోపలున్నది నాకు కనపడదు. అయినా మొక్కుతున్నాను. ఇద్దరున్నప్పుడే కదా ఒకరు ఇంకొకరిని గౌరవించేది!

ఈ ముద్ర మన ఊళ్లల్లో చాలాకాలం ఒకవైపే నడిచింది. చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, వాకిట్లో నిలబడి "దండం దొరా" అన్నవాడికి అరుగు మీది నుంచి తల కూడా ఊగేది కాదు. చేతులు అవే, అమరికా అదే, రసం మాత్రం లేదు. అది భయం. తిరుగు దండం లేనిచోట మొదటి దండం గౌరవమో లొంగుబాటో తెలియదు. నమస్కారాన్ని పూర్తిచేసేది ఎప్పుడూ రెండో జత చేతులే. బస్సుల కాడి వియ్యంకుల్లో ఎవరు ముందు మొక్కారని ఎవరూ అడగరు. రెండో ఆయన చేతులు లేవకపోయి ఉంటే మాత్రం ఆ సంగతి ఇంకో పెళ్లి దాకా, ఇంకో తరం దాకా గుర్తుండిపోయేది.